"తప్పకుండా వేసుకుంటానమ్మా, కళ్ళు తిరిగినప్పుడల్లా": ఒక ప్రశ్నావళి ప్రీటెస్ట్ కథ

"బీపీ మాత్రలు క్రమం తప్పకుండా వేసుకుంటారా?" అన్నది ప్రశ్న. "వేసుకుంటానమ్మా, క్రమం తప్పకుండా వేసుకుంటాను" అన్నారు పెద్దాయన. నేను 'అవును' దగ్గర టిక్కు పెట్టాను. ఫీల్డులో అయితే అక్కడితో సరి, తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోయేవాళ్ళం. ఇది అసలు సర్వేకు ముందు ప్రశ్నలనే పరీక్షించి చూసే ప్రీటెస్టు కాబట్టి ఆగి అడిగాను: "పోయిన వారం రోజుల్లో ఎలా వేసుకున్నారో కాస్త చెప్తారా?" ఆయన ఏమాత్రం తడుముకోలేదు. "కళ్ళు తిరిగినట్టు అనిపిస్తే చాలు, వెంటనే వేసేసుకుంటాను. ఒక్కసారి కూడా తప్పను."

ఆ వారంలో ఆయనకు రెండుసార్లు కళ్ళు తిరిగాయి. రెండు మాత్రలు వేసుకున్నారు. డాక్టరు రాసింది రోజుకొకటి.

ఆయన అబద్ధమాడలేదు. తనకొక క్రమం ఉంది, దాన్ని తప్పలేదు. ప్రశ్న రాసినవాళ్ళ క్రమం వేరు, అంతే.

ఈ ప్రశ్నావళి ఒక ఆసుపత్రి ఔట్‌పేషెంట్ విభాగానిది. బీపీకి మందులు తీసుకెళ్తున్నవాళ్ళలో ఎంతమంది మధ్యలో మానేస్తున్నారు, ఎందుకు మానేస్తున్నారు అన్నది తెలుసుకోవాలని. మొత్తం 22 ప్రశ్నలు. ఇంటర్వ్యూయర్ ఎదురుగా కూర్చుని చదివి వినిపిస్తే పేషెంటు జవాబు చెప్పాలి. దాదాపు 600 మందిని అడగాలని ప్లాను. అంతకుముందు ఇదే కాగితంతో ఒక రౌండు చేసి ఉన్నారు. అందులో మందుల ప్రశ్నకు ఇంచుమించు అందరూ 'అవును' అనేశారు. అదే మనుషుల బీపీ రీడింగులు మాత్రం వేరే కథ చెప్తున్నాయి. "జనం అబద్ధాలు చెప్తున్నారు, వాళ్ళను పట్టుకునే ప్రశ్న ఒకటి రాసి పెట్టండి" అని నాకు పని అప్పజెప్పారు. నేను ముందు పాత ప్రశ్నల్నే పట్టుకుంటానన్నాను. వాళ్ళకు పెద్దగా నచ్చలేదు.

ఎవరిని కూర్చోబెట్టాం, ఏం అడిగాం

మొదటి విడతకు ఆరుగురు, ప్రశ్నలు దిద్దాక రెండో విడతకు మరో ఐదుగురు. తక్కువే. కానీ ఇక్కడ లెక్కలు తీయడం లేదు, ప్రశ్న ఎక్కడ విరుగుతుందో చూస్తున్నాం. అందుకు ఎంతమంది అన్నదానికన్నా ఎలాంటివాళ్ళు అన్నది ముఖ్యం. ఈ మధ్యే బీపీ బయటపడినవాళ్ళు, పదేళ్ళుగా మందులు వేసుకుంటున్నవాళ్ళు, చదువుకున్నవాళ్ళు, చదువు రానివాళ్ళు, మాత్రలు ఇంట్లో ఇంకొకరు అందిస్తేనే వేసుకునేవాళ్ళు, ఇలా కావాలని రకరకాలుగా ఎంచాం. ఆఫీసులో పక్క టేబుల్ వాళ్ళతో చదివించి "బాగానే ఉంది" అనిపించుకోవడం ప్రీటెస్టు కాదు. వాళ్ళకూ ప్రశ్న రాసినవాళ్ళకూ ఒకటే భాష, అందుకే వాళ్ళకు ఏదీ తట్టదు.

ఒక్కొక్కరితో ముప్పావుగంట. అంతకు మించితే అలసిపోయి, తొందరగా వదిలించుకునే జవాబులు మొదలవుతాయి. ముప్పావుగంటలో 22 ప్రశ్నలనూ తరచి అడగడం కుదరదు కాబట్టి, అనుమానం ఉన్న తొమ్మిదింటినే ఎంచుకున్నాం.

పద్ధతిలో రెండు దారులున్నాయి. ఒకటి, జవాబు ఆలోచిస్తున్నప్పుడు మనసులో ఏం నడుస్తోందో పైకి చెప్పమనడం. దీనికి ముందు చిన్న అలవాటు చేయిస్తారు: "మీ ఇంట్లో కిటికీలు ఎన్నో లెక్కపెట్టండి, లెక్కపెడుతూ మనసులో ఏం కనిపిస్తోందో చెప్పండి" అని. కొందరు హాయిగా ముందు గది, వంటిల్లు అంటూ ఇల్లంతా తిప్పుతారు. మా ఆరుగురిలో నలుగురు మాత్రం కాసేపు మౌనంగా ఉండి "ఐదు" అని ఊరుకున్నారు. అలాంటివాళ్ళను బలవంతపెడితే లాభం లేదు. రెండో దారి, జవాబు చెప్పాక తరచి అడగడం. ఆ ప్రశ్నల్ని మేం ప్రోబులంటాం. మేం ఎక్కువగా వాడినవి ఇవి: "నేనడిగింది మీ మాటల్లో మళ్ళీ చెప్పండి." "ఫలానా మాట వినగానే మీకేమనిపించింది?" "ఆ జవాబుకు ఎలా వచ్చారు?"

ఒక ప్రోబు మాత్రం నిషేధం: "ప్రశ్న అర్థమైందా అండీ?" దీనికి కాదన్నవాళ్ళను నేనింతవరకు చూడలేదు. అర్థం కాలేదనడం చిన్నతనం, పైగా అడిగిన మనిషిని తప్పుపట్టినట్టు ఉంటుంది. 'ఎందుకు' కూడా జాగ్రత్తగా వాడాలి. "ఎందుకలా అన్నారు?" అంటే సంజాయిషీ అడిగినట్టు వినిపించి, అప్పటికప్పుడు కారణం ఒకటి అల్లి చెప్తారు.

నోట్సు ప్రశ్నకొక కాగితం. ఏం జవాబిచ్చారు, దాన్ని ఎలా అర్థం చేసుకున్నారు, తేడా ఎక్కడ వచ్చింది. మూడో గడికి సర్వే పరిశోధకుడు రోజర్ టురాంజో 1984లో వివరించిన నాలుగు మెట్లు బాగా పనికొస్తాయి: ప్రశ్న అర్థం చేసుకోవడం, గుర్తు తెచ్చుకోవడం, గుర్తొచ్చిన దాన్ని తూచి ఒక అంచనాకు రావడం, ఆ అంచనాను ఇచ్చిన ఆప్షన్లలో ఒకదానికి ఒదిగించడం. పెద్దాయన ప్రశ్న మొదటి మెట్టులోనే జారింది. గుర్తుచేసుకోవడంలో ఆయనకు ఏ లోపమూ లేదు.

ఒక 'అవును' వెనక ఎన్ని ప్రశ్నలు

11వ ప్రశ్న ఇలా ఉండేది: "డాక్టరు గారు మీ జబ్బు గురించి, మందుల గురించి మీకు అర్థమయ్యేలా వివరించారా?"

ఆరుగురిలో ఐదుగురు అవునన్నారు. అందులో ఒకావిడ మాట ఇది. "చెప్పారండీ. ఈ తెల్లది పొద్దున, ఈ చిన్నది రాత్రి అని." జబ్బు గురించి? "దాని గురించి చెప్పడానికేముంది, బీపీ అన్నారు." ఎవరన్నారు? "మందులిచ్చే అబ్బాయి." అంటే డాక్టరు చెప్పలేదు, జబ్బు గురించి ఎవరూ చెప్పలేదు, అయినా జవాబు 'అవును'. ఇంకొకాయనకు డాక్టరు నిజంగానే చాలాసేపు వివరించారు, కాగితం మీద బొమ్మ కూడా గీశారు. ఆ బొమ్మలో ఏముందని అడిగితే "గుండేమో మరి... ఆయన అంత ఓపిగ్గా చెప్తుంటే మర్యాదకు తల ఊపాను" అన్నారు. ఈయనదీ 'అవును'. కాదన్న ఒకే ఒకాయనకు జబ్బు గురించి బ్రహ్మాండంగా తెలుసు. మాత్ర ఎన్నాళ్ళు వేసుకోవాలో ఎవరూ చెప్పలేదన్న కోపంతో 'లేదు' అన్నారు.

డబుల్ బ్యారెల్డ్ అంటే రెండు గొట్టాలు అని పేరు, కానీ ఇందులో నాలుగున్నాయి: చెప్పింది డాక్టరేనా, జబ్బు గురించా, మందుల గురించా, అర్థమైందా. 600 మంది జవాబులూ చేతికొచ్చాక 'అవును' ఇంత శాతం అని తేలితే, ఆసుపత్రి ఏం మార్చుకోవాలి? డాక్టరు మాటా, మందులిచ్చేచోట సూచనలా, బొమ్మా? ఆ అంకె దేనికీ పనికిరాదు.

దీన్ని పట్టుకోవడానికి నేను వాడే పరీక్ష సులువైనది. ప్రశ్నలో ఒక ముక్కకు అవునని, ఇంకో ముక్కకు కాదని చెప్పగల మనిషి ఉంటారా? ఉంటే అది రెండు ప్రశ్నలే. అలాంటి మనిషి ఏం చేస్తారంటే, నేను చూసినంతలో, తేలిగ్గా జవాబు దొరికే ముక్కకు జవాబిచ్చి మిగతాది వదిలేస్తారు. ఏది వదిలేశారో మనకు తెలియదు.

అయితే విరగ్గొట్టుకుంటూ పోతే 22 ప్రశ్నలు 50 అవుతాయి. అందుకని విరగ్గొట్టే ముందు ఆసుపత్రి వాళ్ళను ఒకటే అడిగాం: ఈ జవాబుతో మీరేం చేస్తారు? జబ్బు గురించిన ముక్కతో ఏమీ చేయబోవడం లేదని వాళ్ళే ఒప్పుకున్నారు. దాన్ని తీసేశాం. 'అర్థమైందా' కూడా పోయింది, ఎందుకంటే అర్థమైందో లేదో మనిషినే అడిగితే మర్యాద జవాబు వస్తుంది. మిగిలింది ఇది: "ఈ మాత్రలు ఎంతకాలం వేసుకోవాలో ఆసుపత్రిలో మీకెవరైనా చెప్పారా?" చెప్పారంటే, "ఎవరు చెప్పారు?" ఆ తర్వాత, "మీకు తెలిసినంతవరకు, బీపీ తగ్గిందని అనిపిస్తే మాత్ర మనంతట మనం ఆపేయవచ్చా, డాక్టరు చెప్పేదాకా వేసుకోవాలా?" మూడో ఆప్షన్ 'తెలియదు'.

11లో కామా ఉంది కాబట్టి కళ్ళు చూడగలిగాయి. 13లో అదీ లేదు: "దుష్ఫలితాలకు భయపడి మందులు మానేశారా?"

పాఠ్యపుస్తకాలు 'మరియు' కోసం వెతకమంటాయి. తెలుగులో ఆ సలహా సగమే పనికొస్తుంది, ఎందుకంటే మనం 'మరియు' అని మాట్లాడం. రెండో గొట్టం మన భాషలో అసమాపక క్రియ వెనక దాక్కుంటుంది. భయపడి, మర్చిపోయి, తీరిక లేక, నమ్మకం పోయి. వాక్యం ఒకటే, క్రియ చివర ఒకటే, చదివితే నున్నగా ఉంటుంది. కానీ 'భయపడ్డారా' ఒక ప్రశ్న, 'మానేశారా' ఇంకో ప్రశ్న, 'భయమే కారణమా' మూడోది. ఈ ప్రశ్నకు మొదటి విడతలో ఆరుగురూ 'లేదు' అన్నారు. తరచి అడిగితే ఆ ఒక్క 'లేదు'లో మూడు రకాల మనుషులు కనిపించారు: ఎప్పుడూ మానని వాళ్ళు, భయం ఉన్నా వేసుకుంటున్నవాళ్ళు, భయం లేకుండా కేవలం ఒంట్లో బాగుందని మానేసినవాళ్ళు. మూడో రకం కోసమే ఈ సర్వే అంతా. వాళ్ళు 'మానలేదు' గడిలో పడిపోతున్నారు.

దిద్దడం కష్టం కాలేదు. ముందు మానేశారా అని, మానేస్తే కారణం ఏమిటని. కారణం ఓపెన్‌గా అడిగి, ఆప్షన్లు చదివి వినిపించకుండా, చెప్పినదాన్ని ఇంటర్వ్యూయరే జాబితాలో టిక్కు పెట్టుకోవాలి.

నోట్లో జవాబు పెట్టే ప్రశ్న

14వ ప్రశ్న ఒక డాక్టరు గారు ప్రేమగా రాసింది. "మందులు మానేస్తే పక్షవాతం, గుండెపోటు వచ్చే ప్రమాదముందని తెలిసి కూడా మీరెప్పుడైనా మానేశారా?"

ఇది చదవగానే ఒకావిడ గాభరాగా "అయ్యో, వస్తాయా?" అన్నారు. వెంటనే, "లేదమ్మా, నేనెప్పుడూ మానలేదు." ఐదు నిమిషాల తర్వాత, మాత్రలు ఎక్కడ పెట్టుకుంటారని వేరే సందర్భంలో మాట్లాడుతుంటే, కూతురింటికి వెళ్ళినప్పుడు డబ్బా ఇక్కడే మర్చిపోయి రెండు వారాలు వేసుకోలేదని ఆవిడే చెప్పారు.

ఇలా జవాబును ముందే ఒకవైపుకు నెట్టే లోడెడ్ ప్రశ్న చేసే పాడు రెండు వైపులా ఉంటుంది. ఒకటి, ఏ జవాబు మంచిపిల్ల జవాబో ముందే చెప్పేస్తుంది. రెండు, 'తెలిసి కూడా' అంటూ అవతలి మనిషికి తెలుసని మనమే తీర్మానిస్తాం. తెలియకుండా మానేసినవాళ్ళకు ఇందులో నిజాయితీగా చెప్పే జవాబే లేదు. పైగా ఆవిడ విషయంలో జరిగినట్టు ప్రశ్నే పాఠం చెప్పేస్తుంది. తర్వాతి ప్రశ్నలకు వచ్చే జవాబులు ఆ పాఠం విన్న మనిషివి, ఆసుపత్రికి వచ్చిన మనిషివి కావు.

ఇంత బెదిరింపు లేకపోయినా ఒక్క మాట చాలు. మనస్తత్వ శాస్త్రవేత్త ఎలిజబెత్ లాఫ్టస్ 1975లో ప్రచురించిన ప్రయోగంలో కొందరిని "మీకు తరచుగా తలనొప్పి వస్తుందా, వస్తే ఎంత తరచుగా?" అని, మరికొందరిని అదే ప్రశ్న 'అప్పుడప్పుడు' అన్న మాటతో అడిగారు. మొదటివాళ్ళు సగటున వారానికి 2.2 తలనొప్పులని, రెండోవాళ్ళు 0.7 అని చెప్పారు.

అస్పష్టమైన మాట, డబుల్ బ్యారెల్డ్, లోడెడ్ అన్న మూడు రకాల లోపాల్లోకీ ఈ చివరిదే పట్టుకోవడం కష్టమని నా అనుభవం. ప్రీటెస్టులో ఎదురుగా కూర్చున్నది కూడా మనమే, వాళ్ళు మంచి అనిపించుకోవాలనుకునేది మన దగ్గరే. ప్రశ్న సగంలో ఉండగానే జవాబు రావడం, గొంతు తగ్గడం, తర్వాత ఎక్కడో దానికి పొసగని కథ బయటపడడం, ఇవీ ఆనవాళ్ళు. నాకు బాగా కలిసొచ్చిన ప్రోబు ఇంకొకటుంది: "ఈ ప్రశ్న మీ వీధిలోవాళ్ళను అడిగితే ఏమంటారు?" అదే ఆవిడ నవ్వి, "మానేశామని ఎవరు చెప్తారమ్మా, ఇలా అడిగితే!" అన్నారు. డాక్టరు గారిని ఒప్పించింది నా వాదన కాదు, ఆ వాక్యమే.

పక్కనే చిన్న మాట. 9వ ప్రశ్న "మాత్ర వేసుకోవడం ఎప్పుడూ మర్చిపోలేదా?" అని ఉండేది. దీనికి ఒకరు "అవును" అన్నారు. అవును, మర్చిపోలేదనా? అవును, మర్చిపోయాననా? రాసుకునే మనిషికి తోచిన గడిలో పడుతుంది. 'లేదా?' అని ముగిసే ప్రశ్నకు అవును, కాదు ఆప్షన్లు పెట్టకూడదు, అంతే. వీటిని విచారణ లేకుండా తీసేయవచ్చు.

దిద్దినదీ విరిగింది

ఇక పెద్దాయన ప్రశ్న. 'క్రమం తప్పకుండా' అన్న మాటను ఆరుగురు ఐదు రకాలుగా విన్నారు. ఒకరికి అది రోజూ, ఒకరికి కళ్ళు తిరిగినప్పుడల్లా, ఒకరికి మందులు తెచ్చుకోవడానికి నెలనెలా ఆసుపత్రికి రావడం. ఇలాంటి మాటకు బదులు ఇంకో మాట వెతికితే లాభం లేదు. 'సక్రమంగా', 'సరిగ్గా', 'రెగ్యులర్‌గా', అన్నీ అదే గోతిలోవి. రోజులు లెక్కపెట్టించాలి. 7వ ప్రశ్నను ఇలా మార్చాం: "చాలామందికి ఏదో ఒక రోజు మాత్ర తప్పిపోతుంటుంది. గడిచిన వారంలో మీరు బీపీ మాత్ర వేసుకోని రోజులు ఎన్ని?"

మొదటి వాక్యం కూడా ఒకరకంగా లోడే. తప్పడం మామూలే అని ముందే చెప్తున్నాం. కావాలనే పెట్టాం, ఎందుకంటే అవతలివైపు త్రాసు ఎటూ బరువుగానే ఉంది. కానీ ఇది మోతాదు చూసి వాడాల్సింది. ఎవరైనా తప్పకుండా వేసుకుని కూడా మొహమాటానికి "ఒక రోజు తప్పిందేమో" అంటారా అన్నది రెండో విడతలో చూశాం. ఆ ఐదుగురిలో అలా ఎవరూ అనలేదు.

విరిగింది వేరేచోట. ఒకాయన "సున్నా" అన్నారు. ఆయనకు రోజుకు రెండు మాత్రలు, వారమంతా రాత్రిది వేసుకోలేదు. పొద్దునది వేసుకున్నాక అది 'వేసుకోని రోజు' ఎలా అవుతుంది? ఆయన తర్కం పక్కా. ఇంకొకావిడ 'గడిచిన వారం' అంటే ఆదివారంతో ముగిసిన వారమనుకుని, ఈ మూడు రోజుల్ని లెక్కలోకే తీసుకోలేదు. మూడో ఆవిడ "నాకేం తెలుసు, కోడల్నే అడగాలి, తనే చేతిలో పెడుతుంది" అన్నారు.

ఈ మూడూ మొదటి విడతలో కనిపించవు, ఎందుకంటే అప్పుడు ఈ ప్రశ్నే లేదు. దిద్దిన ప్రశ్న కొత్త ప్రశ్న. దాన్ని మళ్ళీ మనుషుల ముందు పెట్టకుండా ఫీల్డుకు పంపితే, పాత తప్పు స్థానంలో మనకు తెలియని తప్పు పెట్టినట్టే. డబ్బూ టైమూ లేవని చాలామంది వదిలేసేది ఈ రెండో విడతనే. నన్నడిగితే ఆరుగురితో ఒకే విడత చేసేకన్నా ముగ్గురేసి చొప్పున రెండు విడతలు మేలు.

చివరికి 7 ఇలా నిలబడింది. ముందు "బీపీకి రోజుకు ఎన్నిసార్లు మాత్ర వేసుకోమన్నారు?" తర్వాత ఇంటర్వ్యూయర్ రోజుల పేర్లు పైకి చెప్తూ వారాన్ని గీసి చూపించాలి: "ఈ రోజు బుధవారం. పోయిన బుధవారం నుంచి నిన్న మంగళవారం వరకు ఏడు రోజులు." ఆపైన, "ఈ ఏడు రోజుల్లో పొద్దున మాత్ర వేసుకోని రోజులు ఎన్ని? రాత్రి మాత్ర వేసుకోని రోజులు ఎన్ని?" మాత్రలు ఇంకొకరు ఇస్తుంటే అది గుర్తించి, కుదిరితే వాళ్ళనూ అక్కడే అడగాలి. కుదరనప్పుడు 'తెలియదు' రాసుకోవాలి. ఆ 'తెలియదు'లు ఎన్ని వస్తాయో పదకొండు మందిని చూసి చెప్పలేం. ముగ్గురిలో ఒకరికి ఇబ్బంది వచ్చిందని 33 శాతం అని రాయడం ఈ పనిలో పెద్ద తప్పు. ఆ అంకె తర్వాత ఇంకాస్త ఎక్కువమందితో చేసే పైలట్‌లో తేలాలి.

ఒక ప్రశ్నను మాత్రం అస్పష్టంగా ఉందని తెలిసీ ముట్టుకోలేదు. "మొత్తమ్మీద మీ ఆరోగ్యం ఎలా ఉంది?" చాలా బాగుంది నుంచి బాగోలేదు వరకు ఆప్షన్లు. 'ఆరోగ్యం' అంటే ఒకరు మోకాళ్ళనుకున్నారు, ఒకరు నిద్ర అనుకున్నారు. ఆసుపత్రి వాళ్ళు దీన్నీ విరగ్గొట్టమన్నారు. వద్దన్నాను. ఈ ప్రశ్న పనిచేసేదే ఆ వెడల్పు వల్ల. మనిషి తనకు ముఖ్యమనిపించినవన్నీ కలిపి తూచుకుని చెప్పే జవాబు ఇది. ఐడ్లర్, బెన్యామిని అనే పరిశోధకులు 1997లో 27 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, ఈ ఒక్క జవాబు తర్వాతి మరణాలను ముందే సూచిస్తోందని దాదాపు అన్నిటిలోనూ కనిపించింది. అస్పష్టత దోషమా కాదా అన్నది ఆ జవాబుతో ఏం కొలవాలనుకున్నామన్న దాన్నిబట్టి ఉంటుంది.

ప్రశ్నలు ఖాయమయ్యాక ఇంటర్వ్యూయర్లకు శిక్షణ పెట్టుకున్నాం. రెండో రోజు ఒకమ్మాయి 7వ ప్రశ్నను పొల్లుపోకుండా చదివింది. పేషెంటుగా నటిస్తున్న తోటి అమ్మాయి ఆలోచించడానికి రెండు సెకన్లు తీసుకుంది. ఆ మౌనం భరించలేక ఈ అమ్మాయి మెల్లగా అందించింది: "ఏమీ తప్పలేదు కదండీ?" గదిలో అందరూ నవ్వారు. 'కదా' అన్న మాటను ఎర్ర ఇంకుతో బోర్డు మీద రాసి కొట్టేసి, మళ్ళీ మొదటి నుంచి చదివించాం.